మధ్య కొమ్మ ఎందుకు ఎక్కదు: ఏవీఎల్ ట్రీలో నాలుగు రొటేషన్లు

(బెంగళూరు మారతహళ్లిలో ఒక ఆదివారం ఉదయం తెలుగు విద్యార్థులకు, ఉద్యోగాల ఇంటర్వ్యూలకు సిద్ధమవుతున్నవాళ్లకు చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ నుంచి టైప్ చేశాం. బోర్డు మీద గీసిన బొమ్మల్లో అవసరమైనవి చేర్చాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ఈ రోజు అంతా బోర్డు మీదే పని. బోర్డు కనబడకపోతే చెప్పింది ఎక్కదు. సిల్క్ బోర్డ్ వైపు నుంచి వచ్చేవాళ్లు ఇంకా దారిలో ఉన్నారట, వాళ్లు వచ్చేలోపు మొదటి బొమ్మ గీసేద్దాం.

ఏవీఎల్ ట్రీ అనగానే చాలామంది నాలుగు పేర్లు గడగడా చెప్పేస్తారు. ఎల్ఎల్, ఆర్ఆర్, ఎల్ఆర్, ఆర్ఎల్. మొదటి రెండింటికీ ఒక రొటేషన్, తర్వాతి రెండింటికీ రెండు రొటేషన్లు. సరే, బాగానే ఉంది. కానీ ఎల్ఆర్‌లో ఒక్క రొటేషన్ చేస్తే ఏమవుతుంది? రెండు ఎందుకు కావాలి? ఈ ప్రశ్న వేస్తే గది నిశ్శబ్దమైపోతుంది. ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ఆ ఒక్కటే. అది అర్థమైతే నాలుగు కేసుల్నీ బట్టీ పట్టే అవసరం ఉండదు, కాగితం మీద మీరే రాబట్టుకోవచ్చు.

ముందు రెండు మాటలు. మామూలు బైనరీ సెర్చ్ ట్రీలో చిన్నవి ఎడమకు, పెద్దవి కుడికి వెళ్తాయి. మీరు పది లక్షల నంబర్లను వరుస క్రమంలో, చిన్న నుంచి పెద్దకు ఇస్తే ఏమవుతుంది? ప్రతిదీ కుడికే పోతుంది. ట్రీ కాదది, పది లక్షల లెవెల్స్ ఉన్న గొలుసు. 1962లో సోవియట్ యూనియన్‌లో అడెల్సన్-వెల్స్కీ, లాండిస్ అనే ఇద్దరు దీనికి విరుగుడు చెప్పారు. వాళ్ల పేర్ల మొదటి అక్షరాలే ఏవీఎల్. వాళ్ల షరతు చాలా చిన్నది: ఏ నోడ్ దగ్గర చూసినా ఎడమ సబ్‌ట్రీ ఎత్తుకూ కుడి సబ్‌ట్రీ ఎత్తుకూ తేడా ఒకటి దాటకూడదు. అంతే. ఆ చిన్న షరతు పాటిస్తే పది లక్షల నోడ్లున్న ట్రీ ఎంత వంకరగా పెరిగినా 28 లెవెల్స్ దాటదు.

ఆ తేడానే బ్యాలెన్స్ ఫ్యాక్టర్ అంటాం. నేను ఎడమ ఎత్తులోంచి కుడి ఎత్తు తీసేస్తాను. ఎడమ బరువైతే ప్లస్, కుడి బరువైతే మైనస్. కొన్ని పుస్తకాల్లో దీనికి తిరగేసి ఉంటుంది, కుడిలోంచి ఎడమ తీస్తారు. రెండూ సరైనవే. కానీ ఇంటర్వ్యూలో మీరు ఏది వాడుతున్నారో ముందే చెప్పండి. లేకపోతే మీరు ప్లస్ అన్నదాన్ని ఎదుటివాళ్లు మైనస్ అనుకుంటారు, లేనిపోని గందరగోళం. ఎత్తు విషయంలో కూడా ఒక మాట: ఖాళీ సబ్‌ట్రీ ఎత్తు 0, ఒంటరి నోడ్ ఎత్తు 1. ఈ రోజంతా ఇదే లెక్క.

ఇప్పుడు ఈ ట్రీ చూడండి. ఐదే నోడ్లు.

```
      50
     /  \
   30    70
  /  \
20    40
```

50 దగ్గర ఎడమ ఎత్తు 2, కుడి ఎత్తు 1. బ్యాలెన్స్ ఫ్యాక్టర్ ప్లస్ 1. మిగతా నోడ్లన్నీ 0. షరతు చెడలేదు. కానీ 50 అంచు మీద ఉంది. ఎడమ వైపు ఇంకో లెవెల్ పెరిగితే ప్లస్ 2 అవుతుంది.

మరి ఎడమ వైపు లెవెల్ పెరగాలంటే కొత్త నంబర్ ఎక్కడెక్కడ దిగాలి? 20 కింద రెండు చోట్లు, 40 కింద రెండు చోట్లు. మొత్తం నాలుగు. ఉదాహరణకి 10, 25, 35, 45 తీసుకోండి. 10 వచ్చి 20కి ఎడమన కూర్చుంటుంది, 25 దానికి కుడిన, 35 వచ్చి 40కి ఎడమన, 45 దానికి కుడిన. ఈ నాలుగింట్లో ఏది వచ్చినా 50 చెడుతుంది. ఇప్పుడు చెప్పండి, ఈ నాలుగు చోట్లలో ఎల్ఎల్ ఎన్ని, ఎల్ఆర్ ఎన్ని?

10 ఎల్ఎల్ అన్నారు, సరే. 25 సంగతేంటి? ఎల్ఆర్ అంటున్నారు ఆ మూలన. చాలామంది అదే అంటారు, ఎందుకంటే 25 చివర్లో కుడికి తిరిగింది, బొమ్మలో వంకర కనబడుతోంది. కాదమ్మా. చివర్లో ఎటు తిరిగిందన్నది చూడకూడదు. చెడిన నోడ్ దగ్గర నిలబడి, అక్కడి నుంచి కిందికి మొదటి రెండు అడుగులు మాత్రమే చూడాలి. ఇక్కడ చెడింది 50. అక్కడి నుంచి మొదటి అడుగు ఎడమకు, 30. రెండో అడుగు ఎడమకు, 20. ఎల్ఎల్. అంతే. 20 దగ్గర ఎటు తిరిగినా సంబంధం లేదు. అలాగే 35, 45 రెండూ ఎల్ఆర్. మొదటి అడుగు 30, రెండో అడుగు 40.

బ్యాలెన్స్ ఫ్యాక్టర్లతో చెప్పాలంటే ఇంకా తేలిక. చెడిన నోడ్ ప్లస్ 2, దాని ఎడమ పిల్ల ప్లస్ 1 అయితే ఎల్ఎల్. ఎడమ పిల్ల మైనస్ 1 అయితే ఎల్ఆర్. అంటే గుర్తులు ఒకటే అయితే ఒక రొటేషన్, గుర్తులు ఎదురైతే రెండు. మనవడి జోలికి పోనక్కర్లేదు.

సరే, ముందు 10 పెడదాం. 20 ప్లస్ 1 అయింది, 30 ప్లస్ 1 అయింది, 50 ప్లస్ 2. 50 దగ్గర కుడి రొటేషన్ చేస్తాం. 30 పైకి వస్తుంది, 50 దానికి కుడి పిల్లగా దిగుతుంది. అప్పుడు 40 ఏమవుతుంది? అది అంతకుముందు 30కి కుడి పిల్ల, ఇప్పుడు ఆ చోటు 50 తీసుకుంది. 40 విలువ 30 కంటే పెద్దది, 50 కంటే చిన్నది. 50 దిగాక దాని ఎడమ చోటు ఖాళీ. కాబట్టి 40 వెళ్లి అక్కడ కూర్చుంటుంది.

```
      30
     /  \
   20    50
  /     /  \
10    40    70
```

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. ఈ రోజు అసలు సంగతి ఇక్కడే ఉంది. ఈ రొటేషన్‌లో ఎవరు పైకి వెళ్లారు, ఎవరు కిందికి వెళ్లారు? 20 కింద ఉన్న కొమ్మ ఒక లెవెల్ ఎక్కింది. 70 ఒక లెవెల్ దిగింది. మరి 40? ముందు మూడో లెవెల్‌లో ఉంది. ఇప్పుడు కూడా మూడో లెవెల్‌లోనే ఉంది. తల్లి మారింది కానీ లెవెల్ మారలేదు. అర్థమైందా? కుడి రొటేషన్ ఎడమ కొమ్మను ఎక్కిస్తుంది, కుడి కొమ్మను దింపుతుంది, మధ్య కొమ్మను ఉన్నచోటే ఉంచుతుంది. ఎప్పుడు చేసినా, ఏ ట్రీలో చేసినా ఇంతే.

ఇప్పుడు 10 తీసేసి, మళ్లీ మొదటి ట్రీకి వచ్చి, 45 పెడదాం. 40 మైనస్ 1, 30 మైనస్ 1, 50 ప్లస్ 2. పొడవు పెరిగింది ఏ కొమ్మలో? మధ్య కొమ్మలో. మనకు ముందే తెలుసు, ఒక్క రొటేషన్‌తో మధ్య కొమ్మ ఎక్కదని. అయినా నమ్మకం కోసం చేసి చూద్దాం. 50 దగ్గర కుడి రొటేషన్:

```
   30
  /  \
20    50
     /  \
   40    70
     \
      45
```

30 దగ్గర ఎడమ ఎత్తు 1, కుడి ఎత్తు 3. మైనస్ 2. ప్లస్ 2 పోయి మైనస్ 2 వచ్చింది. ఇప్పుడు దీన్ని ఎడమకు తిప్పితే? మళ్లీ మొదటికే వస్తుంది. అటూ ఇటూ ఎన్నిసార్లు తిప్పినా 45 నాలుగో లెవెల్‌లోనే ఉంటుంది.

మరి ఏం చేయాలి? మధ్య కొమ్మ ఎక్కనంటోంది కాబట్టి ముందు దాన్ని మధ్య కొమ్మ కాకుండా చేయాలి. అందుకే ముందు 30 దగ్గర ఎడమ రొటేషన్. 40 పైకి వచ్చి 50కి ఎడమ పిల్ల అవుతుంది, 30 దాని కింద ఎడమన చేరుతుంది. ఈ మొదటి రొటేషన్‌తో ఎత్తు తగ్గదు, అది గమనించండి, 50 ఇంకా ప్లస్ 2లోనే ఉంది. కానీ బరువు మధ్య నుంచి ఎడమ అంచుకు జరిగింది. ఇప్పుడు 50 దగ్గర కుడి రొటేషన్ చేస్తే ఆ ఎడమ అంచు ఎక్కుతుంది.

```
      40
     /  \
   30    50
  /     /  \
20    45    70
```

40 సున్నా. 50 సున్నా. 30 ప్లస్ 1. ఎడమ నుంచి కుడికి చదవండి: 20, 30, 40, 45, 50, 70. వరుస చెడలేదు.

రెండు రొటేషన్లుగా చేయడం ఒక పద్ధతి. నేనైతే మనసులో దీన్ని ఒకే కదలికగా చూస్తాను. 30, 40, 50 అనే ముగ్గురిలో విలువను బట్టి మధ్యవాడు ఎవరు? 40. వాడు పైన కూర్చుంటాడు. చిన్నవాడు ఎడమన, పెద్దవాడు కుడిన. మరి 40 కింద అంతకుముందున్న రెండు సబ్‌ట్రీలు? అన్నదమ్ములు పొలం పంచుకున్నట్టే: ఎడమ చెక్క 30కి, కుడి చెక్క 50కి. 45 కుడి చెక్క, అందుకే అది 50కి వెళ్లింది. 30కి వచ్చిన చెక్క ఖాళీ, అందుకే అది ప్లస్ 1లో మిగిలింది.

45 బదులు 35 వచ్చి ఉంటే? అదే ఎల్ఆర్, అవే రొటేషన్లు. కానీ 35 ఎడమ చెక్క కాబట్టి 30కి వెళ్తుంది. అప్పుడు 30 సున్నా అవుతుంది, 50కి ఎడమన ఏమీ ఉండదు కాబట్టి అది మైనస్ 1 అవుతుంది. ఇంకో సందర్భం కూడా ఉంది. 50, 30 మాత్రమే ఉన్న ట్రీలో 40 వస్తే, కొత్త నోడ్ తానే మధ్యవాడు. పంచడానికి చెక్కలే లేవు. అప్పుడు మూడూ సున్నా. నోడ్‌లో ఎత్తు కాకుండా బ్యాలెన్స్ ఫ్యాక్టర్‌నే దాచుకునే కోడ్ రాసేవాళ్లు ఈ మూడు సందర్భాల్నీ విడివిడిగా రాయాలి. ఎల్ఆర్ అయ్యాక అన్నిటికీ సున్నా రాసేయడం చాలా కోడ్‌లలో కనబడే తప్పు.

ఆర్ఆర్, ఆర్ఎల్ గురించి నేను ఎక్కువ చెప్పను. బొమ్మను అద్దంలో చూసుకోండి, ఎడమ కుడి మారతాయి, ప్లస్ మైనస్ మారతాయి. కాసేపట్లో ఒక ఆర్ఆర్ ఎలాగూ వస్తుంది.

ఇప్పుడు ఇంకో ప్రశ్న. చెడిన నోడ్‌ను సరిచేశాం. దాని పైన తల్లి ఉంటుంది, అమ్మమ్మ ఉంటుంది. వాళ్ల సంగతి? అక్కడ కూడా రొటేషన్లు చేసుకుంటూ రూట్ దాకా పోవాలా?

మన ట్రీనే చూడండి. 45 పెట్టకముందు ఎత్తు 3. 45 పెట్టగానే 4 అయింది. రొటేషన్ అయ్యాక మళ్లీ 3. పైవాళ్లకు కనబడేది ఈ ఎత్తు ఒక్కటే. ముందూ 3, తర్వాతా 3. అంటే పైవాళ్ల లెక్కలో ఏమీ జరగలేదు. అందుకే ఇన్సర్షన్‌లో ఒకే ఒక్క చోట సరిచేస్తే చాలు. ఆ ఒక్క చోట ఒక రొటేషన్ కావచ్చు, రెండు కావచ్చు, అంతకుమించి ఉండవు.

కొత్త నోడ్ నుంచి పైకి వస్తుంటే మూడే మూడు జరగగలవు. ఒక నోడ్ ప్లస్ 1 నుంచో మైనస్ 1 నుంచో సున్నాకి వస్తే, పొట్టిగా ఉన్న వైపు పెరిగిందన్నమాట, ఆ నోడ్ ఎత్తు మారలేదు, అక్కడితో ఆపేయవచ్చు. మొదటి ట్రీలో 60 పెడితే 50 దగ్గర జరిగేది అదే. సున్నా నుంచి ప్లస్ 1కో మైనస్ 1కో వెళ్తే ఎత్తు పెరిగింది, ఇంకా పైకి వెళ్లాలి. ప్లస్ 2 లేదా మైనస్ 2 అయితే తిప్పాలి, ఆపేయాలి.

దీన్ని పరీక్షిద్దాం. 40 రూట్‌గా ఉన్న ఈ చివరి ట్రీలో 60 పెట్టండి. 70కి ఎడమన కూర్చుంటుంది. 70 ప్లస్ 1, 50 మైనస్ 1, 40 మైనస్ 1. ఎవరూ చెడలేదు. ఇప్పుడు 65 పెట్టండి. 60కి కుడిన కూర్చుంటుంది. పై నుంచి లెక్కేస్తే ఎంత భయంకరంగా ఉందో చూడండి: 40 దగ్గర ఎడమ 2, కుడి 4, మైనస్ 2. 50 దగ్గర ఎడమ 1, కుడి 3, మైనస్ 2. 70 దగ్గర ఎడమ 2, కుడి 0, ప్లస్ 2. ఒకే దారిలో ముగ్గురు చెడ్డారు! ఎవరిని తిప్పాలి?

అందరికంటే కిందున్న 70ని. 70 ప్లస్ 2, దాని ఎడమ పిల్ల 60 మైనస్ 1. గుర్తులు ఎదురు, ఎల్ఆర్. మధ్యవాడు 65 పైకి, 60 ఎడమన, 70 కుడిన. ఆ సబ్‌ట్రీ ఎత్తు 65 రాకముందు 2, ఇప్పుడూ 2. ఇప్పుడు 50 మళ్లీ లెక్కేయండి: ఎడమ 1, కుడి 2, మైనస్ 1. 40: ఎడమ 2, కుడి 3, మైనస్ 1. ముట్టుకోకుండానే బాగయ్యారు. అందుకే కింది నుంచి పైకే రావాలి. పై నుంచి చూసి 40ని తిప్పేసినవాళ్లకు ఈ లెక్క కుదరదు.

ఇందాక ఆర్ఆర్ వస్తుందన్నాను కదా, ఇదే ట్రీలో 80 పెట్టండి. 70కి కుడిన దిగుతుంది. 70 మైనస్ 1, 65 మైనస్ 1, 50 దగ్గర ఎడమ 1, కుడి 3, మైనస్ 2. 50 మైనస్, దాని కుడి పిల్ల 65 కూడా మైనస్. గుర్తులు ఒకటే. ఆర్ఆర్, ఒక్క ఎడమ రొటేషన్. 65 పైకి, 50 దాని ఎడమన. మధ్య కొమ్మ ఏది? 60. అది 65ని వదిలి 50కి కుడిన చేరుతుంది. లెవెల్ మారిందా? మారలేదు.

ఇక కోడ్. ఎడమ వైపు సగం మాత్రం రాస్తున్నాను, మిగతా సగం అద్దం. `update` అనేది పిల్లల ఎత్తుల్లో పెద్దదానికి ఒకటి కలిపి నోడ్‌లో రాసుకునే ఫంక్షన్, `bf` అనేది బ్యాలెన్స్ ఫ్యాక్టర్ ఇచ్చే ఫంక్షన్.

```python
def rotate_right(a):
    b = a.left
    a.left = b.right    # మధ్య కొమ్మ
    b.right = a
    update(a)
    update(b)
    return b

def fix(n):
    update(n)
    if bf(n) > 1:
        if bf(n.left) < 0:
            n.left = rotate_left(n.left)
        return rotate_right(n)
    # ఇక్కడ కుడి వైపు సగం
    return n
```

ఇందులో తప్పు జరిగే చోట్లు రెండు చూపిస్తాను. రెండూ ఒక్క లైన్ తప్పులే, కానీ ఒకటి వెంటనే బయటపడుతుంది, రెండోది దాక్కుంటుంది.

మొదటిది, `n.left = rotate_left(n.left)` అనే చోట `n.left =` మరిచిపోయి ఉత్త `rotate_left(n.left)` అని రాయడం. 45 కేసులో ఏమవుతుందో చూడండి. 30 దగ్గర తిప్పడం జరిగింది, 40 పైకి వచ్చింది, కానీ 50కి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. 50 ఇంకా 30నే పట్టుకుని ఉంది. 30 కింద 20 ఒక్కటే మిగిలింది. ఇప్పుడు 50ని కుడికి తిప్పితే 30 రూట్ అవుతుంది. ట్రీని వరుసగా ప్రింట్ చేస్తే 20, 30, 50, 70 వస్తాయి. 40, 45 మాయం! కొత్తగా పెట్టిన నంబరే పోయింది కాబట్టి వెంటనే తెలిసిపోతుంది.

రెండోది, `update(a)`, `update(b)` వరుస మార్చేయడం. రొటేషన్ అయ్యాక `a` కింద ఉంది, `b` పైన ఉంది. కిందిదాని ఎత్తు ముందు తేలాలి, తర్వాతే పైదానిది. తిరగేస్తే ఏమవుతుంది? 10 పెట్టిన ఎల్ఎల్ కేసు తీసుకోండి. తిప్పే ముందు 50 నోడ్‌లో రాసున్న ఎత్తు 4. తిప్పాక ముందుగా 30 ఎత్తు లెక్కేస్తే, అది 50లో ఉన్న పాత 4 చూసి తనకు 5 రాసుకుంటుంది. నిజం 3. ఆ తర్వాత 50 తనది 2 అని సరిగ్గానే రాసుకుంటుంది, కానీ 30 ఆ సరికే 5 రాసేసుకుంది. 30 పైన ఇంకో నోడ్ ఉంటే అది ఈ 5 నమ్ముతుంది, అవసరం లేని చోట తిప్పడం మొదలుపెడుతుంది.

ఈ తప్పు ఎందుకు దాక్కుంటుందంటే, రొటేషన్ ఎప్పుడు చేసినా వరుస చెడదు. ప్రింట్ చేస్తే నంబర్లన్నీ చక్కగా క్రమంలో వస్తాయి. వెతికితే దొరుకుతాయి. అన్నీ బాగున్నట్టే ఉంటుంది, ఎత్తుల లెక్క మాత్రం లోపల చెడి ఉంటుంది. కాబట్టి ప్రింట్ చూసి సంతృప్తి పడకండి. ఒక చిన్న పరీక్ష ఫంక్షన్ రాయండి: ప్రతి నోడ్ ఎత్తునూ కింది నుంచి కొత్తగా లెక్కగట్టి, నోడ్‌లో రాసున్న ఎత్తుతో పోల్చాలి, తేడా ఒకటి దాటలేదని కూడా చూడాలి. ఒక్కో ఇన్సర్షన్ తర్వాత దాన్ని నడిపితే ఏ నంబర్ దగ్గర చెడిందో అక్కడే పట్టుబడుతుంది.

చివరగా ఆ `bf(n.left) < 0` గురించి. ఇక్కడ సున్నా వస్తే ఏంటని అడిగారు ఇందాక ఒకరు. ఇన్సర్షన్‌లో చెడిన నోడ్ పిల్ల సున్నాలో ఉండే అవకాశం లేదు. ఆ పిల్ల సున్నాకి వచ్చి ఉంటే దాని ఎత్తు పెరగలేదన్నమాట, పెరగకపోతే తల్లి చెడదు. కానీ డిలీషన్‌లో వస్తుంది. మన మొదటి ట్రీలోంచి 70 తీసేయండి. 50 ప్లస్ 2 అవుతుంది, దాని ఎడమ పిల్ల 30 సున్నా. అప్పుడు ఒక్క రొటేషనే చేయాలి, `< 0` రాస్తే అదే జరుగుతుంది. `<= 0` రాసినవాళ్ల కోడ్ అనవసరంగా రెండు రొటేషన్లు చేస్తుంది, పెద్ద ట్రీలో కొన్నిసార్లు పిల్ల దగ్గర ప్లస్ 2 మిగిలిపోతుంది. ఇన్సర్షన్ పరీక్షలన్నీ పాసవుతాయి, డిలీషన్ కలిపిన రోజున బయటపడుతుంది. పైగా డిలీషన్‌లో తిప్పాక ఎత్తు ఒకటి తగ్గిపోవచ్చు, కాబట్టి ఒక్క చోట సరిచేసి ఆగడం కుదరదు, రూట్ దాకా చూసుకుంటూ వెళ్లాల్సి రావచ్చు. అది వచ్చే ఆదివారం చూద్దాం. ఇప్పుడు ప్రశ్నలుంటే అడగండి.